మాక్ ఎన్నిక మీద అపోహలు - వాస్తవాలు: ఎనిమిదో తరగతి తల్లిదండ్రులకు ఒక ఉత్తరం

ఎనిమిదో తరగతి పిల్లల అమ్మానాన్నలకు నమస్కారం.

వచ్చే శనివారం మన క్లాసులో మాక్ ఎన్నిక ఉంది. సోషల్ పాఠంలో భాగంగా నేను ఏటా చేయించే ప్రాజెక్టే ఇది. మొన్న పేరెంట్స్ మీటింగులో మీలో కొందరు దీని గురించి అడిగారు. కొందరు అడగలేదు కానీ, పిల్లల చేత చెప్పి పంపారు. అందరికీ ఒకేసారి జవాబు చెప్పినట్టు ఉంటుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అపోహ: బడిలోకి రాజకీయాలు తెస్తున్నారు.

వాస్తవం: క్లాసులో ఏ పార్టీ పేరూ వినిపించదు, ఏ పార్టీ గుర్తూ కనిపించదు. గుర్తులు మేమే పెట్టుకున్నాం: గంట, గొడుగు, చాక్‌పీసు. నిలబడేది పిల్లలే. లైబ్రరీ పీరియడ్‌ని ఎలా వాడుకోవాలన్నదే వాళ్ల మధ్య పోటీ. ఒకరు చదువుకోవడానికే ఉంచాలంటారు, ఒకరు పుస్తకాలు ఇంటికి ఇవ్వాలంటారు, ఇంకొకరు వారం విడిచి వారం క్విజ్ పెట్టాలంటారు.

కులం, మతం పేరు చెప్పి ఓటు అడగకూడదని మొదటి రోజే చెప్పేశాను. ఇది నేను పెట్టిన నియమం కాదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ దాన్ని అవినీతి పద్ధతి అంటుంది. ఓటు కోసం కానుకలివ్వడం కూడా అదే సెక్షన్ కిందికి వస్తుంది. నిజమైన ఎన్నికలో అయితే ఓడినవాళ్లు హైకోర్టుకు వెళ్లి, నిరూపించి, ఆ గెలుపును రద్దు చేయించవచ్చు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఓసారి ఒక తండ్రిగారు పిల్లాడి బ్యాగులో చాక్లెట్ల డబ్బా పెట్టి "ఫ్రెండ్స్‌కి పంచు నాన్నా" అని పంపారు. ప్రేమతోనే పంపారు, అందులో సందేహం లేదు. కానీ ఆ బాబు నామినేషన్ పక్కన పెట్టాల్సి వచ్చింది. వాడు ఏడుస్తుంటే నాకూ కష్టంగా అనిపించింది. దయచేసి ఈసారి పోలింగ్ అయ్యేదాకా ఏమీ పంపకండి.

అపోహ: ముగ్గురు పోటీ పడితే చేతులెత్తించి లెక్కపెట్టొచ్చు. ఐదు నిమిషాల పనికి వారం రోజులెందుకు?

వాస్తవం: ఎవరు గెలిచారో తెలుసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఓడిపోయిన పిల్లాడు "అవును, నేను ఓడిపోయాను" అని నమ్మాలంటే మాత్రం చాలవు. వారం రోజులు పట్టేది ఆ నమ్మకం కుదరడానికే. మా క్లాసులో జరిగిన ఒక ఎన్నిక గురించి చెబితే మీకు అర్థమవుతుంది.

ఆ ఏడు 50 బ్యాలెట్లు జిరాక్స్ తీయించాం. అట్టపెట్టెకు చీలిక కోసి బ్యాలెట్ పెట్టె చేశాం. ఉదయం ముగ్గురు అభ్యర్థుల ఏజెంట్లను పిలిచి పెట్టె ఖాళీగా ఉందని బోర్లించి చూపించాం. మూత మీద కాగితం అంటించి, దాని మీద ముగ్గురి చేతా సంతకాలు చేయించాం. అసలు పోలింగ్ బూత్‌లో కూడా తెల్లవారగానే ఏజెంట్ల ముందు కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ వేస్తారు. ఆ లెక్క చూపించి, తుడిచేసి, ఈవీఎంకు సీలు వేశాకే పోలింగ్ మొదలుపెడతారు.

ఓటరు వచ్చి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి, అప్పుడే బ్యాలెట్ ఇస్తాం. పోలింగ్ అయ్యేసరికి రిజిస్టర్‌లో 43 సంతకాలున్నాయి, వాడని బ్యాలెట్లు 7 మిగిలాయి. 43, 7 కలిపితే 50, అక్కడికి సరిపోయింది. పెట్టె తెరిచి లెక్కపెడితే మాత్రం 42 బ్యాలెట్లే ఉన్నాయి. రెండోసారి లెక్కపెట్టినా 42. గంటకు 17, గొడుగుకు 16, చాక్‌పీసుకు 6, నోటాకు 2. రెండు గుర్తుల మీద ముద్ర పడటంతో ఒకటి చెల్లలేదు.

తేడా ఒక్క ఓటు, మాయమైందీ ఒక్క బ్యాలెట్టే. గొడుగు ఏజెంట్‌గా ఉన్న అమ్మాయి వెంటనే లేచి, "సార్, ఆ ఒక్కటీ మాదే అయితే?" అంది. ఆ ప్రశ్న అడగడం ఆమె బాధ్యత. అది మా గుర్తుకే పడి ఉంటే 17-17 అయ్యేది కదా అని ఆమె బాధ. అలా సమానమైతే చీటీ తీయాలని చట్టమే చెబుతుంది.

వెతికితే అది ఒక బాబు సోషల్ నోట్సులో మడతపెట్టి ఉంది. నానమ్మకు చూపిద్దామని దాచుకున్నాడట. విప్పి చూద్దామని సగం క్లాసు అరిచింది. నేను విప్పలేదు. విప్పితే వాడి ఓటు నలుగురికీ తెలిసిపోతుంది. పైగా పెట్టెలో పడని బ్యాలెట్ లెక్కలోకి రాదని ముందే రాసుకున్నాం, ఆ కాగితం మీద ముగ్గురు అభ్యర్థులూ సంతకాలు పెట్టారు. బ్యాలెట్‌ను అలాగే కవర్లో పెట్టి, "ఇచ్చినవి 43, పెట్టెలో 42, బయట దొరికింది 1" అని లెక్క రాశాం. గొడుగు ఏజెంట్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టింది. తర్వాత తనే వెళ్లి గంట అభ్యర్థికి షేక్‌హ్యాండ్ ఇచ్చింది.

పెద్ద ఎన్నికల్లో ఈ కాగితాన్ని ఫారం 17సి అంటారు. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ ఆఫీసర్ అందులో మొత్తం ఓట్ల లెక్క రాసి, ఏజెంట్లకు కాపీ ఇస్తారు. కౌంటింగ్ రోజు మెషీన్ చూపించే మొత్తాన్ని ఏజెంట్లు దానితో పోల్చుకుంటారు. చేతులెత్తే పద్ధతిలో ఇలా తర్వాత సరిచూసుకోవడానికి ఏమీ మిగలదు. పైగా పక్కవాడు ఎత్తాడని ఎత్తే చేతులే ఎక్కువ.

అపోహ: నోటాకు ఎక్కువ ఓట్లొస్తే ఎన్నిక మళ్లీ పెడతారు.

వాస్తవం: అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో పెట్టరు. సుప్రీంకోర్టు తీర్పుతో 2013లో నోటా వచ్చింది. కానీ దానికి ఎన్ని ఓట్లు పడ్డా, అభ్యర్థుల్లో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లే గెలుస్తారు. మా క్లాసులోనూ అదే పద్ధతి. ఇది పిల్లలకు ఏటా ఆశ్చర్యమే, వాళ్లను నమ్మించడానికి నాకు ఒక పీరియడ్ పడుతుంది.

అపోహ: ఎవరికి వేశావని ఇంట్లో అడిగితే తప్పేముంది?

వాస్తవం: ఈ ఒక్క విషయం మాత్రం మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను, అడగకండి. ఎవరికి ఓటేశావో చెప్పమని ఎవర్నీ బలవంతం చేయకూడదని అదే 1951 చట్టం 94వ సెక్షన్ చెబుతోంది. కోర్టు బోనులో నిలబడ్డ సాక్షికి కూడా ఆ రక్షణ ఉంది. సాయంత్రం అమ్మకు చెప్పాలని ముందే తెలిస్తే, పిల్లలు అమ్మకు నచ్చే పేరుకే వేస్తారు. పక్కింటి పిల్లాడికే వేయమని ఇంట్లో చెప్పారంటూ ఓసారి ఒక పాప నా దగ్గరకొచ్చి దిగులుగా నిలబడింది. అట్టముక్కలు కట్టిన ఆ మూల చూపించి, "అక్కడ నువ్వు తప్ప ఎవరూ ఉండరమ్మా" అని చెప్పాను. పాప ముఖం ఒక్కసారిగా తేలికపడింది.

అడగాలనిపిస్తే ఇవి అడగండి: ఎన్ని బ్యాలెట్లు ఇచ్చారు? పెట్టెలో ఎన్ని వచ్చాయి? తేడా వస్తే ఏం చేశారు?

ఇక ఏర్పాట్లు. బుధవారం ఓటర్ల జాబితా నోటీసు బోర్డు మీద పెడతాం, మీ అమ్మాయి లేదా అబ్బాయి పేరు ఉందో లేదో చూసుకోమనండి. తప్పులుంటే గురువారం మధ్యాహ్నం లోపు చెప్పాలి. ఆ తర్వాత పేరు చేర్చడం కుదరదు. ప్రచారం గురువారం సాయంత్రంతో ముగుస్తుంది. శనివారం ఎడమ చూపుడువేలికి మార్కర్‌తో చుక్క పెడతాం. అసలు సిరా కాదు కాబట్టి రెండు రోజుల్లో పోతుంది, గట్టిగా రుద్దకండి. ఓట్ల లెక్క రాసిన కాగితం సోమవారం నుంచి క్లాసు తలుపు మీద ఉంటుంది. మీరు వచ్చి చూడవచ్చు.

ఇట్లు,
మీ పిల్లల సోషల్ టీచర్