రంగు చూసి దించితే శనగలు మెత్తబడతాయి

ఓవెన్లోంచి తీసిన శనగలు అప్పటికి కరకరలాడి, మర్నాటికి సాగుతున్నాయంటే ప్రతిసారీ డబ్బానే తప్పుపట్టనక్కర్లేదు. గింజ మధ్యలో నీరు మిగిలిపోయి ఉంటుంది. పైపొర ముందుగా ఎండి ఎర్రబడుతుంది. లోపలి తేమ ఆ తర్వాత మెల్లగా పైకి పాకి దాన్ని మెత్తబరుస్తుంది. అందుకే రంగుకంటే తూకం నమ్మదగ్గది.

ప్రకాశం నల్లరేగడిలో పండే కాక్-2 తెల్లశనగలు దీనికి బాగుంటాయి. రాత్రంతా నానబెట్టి, ఉప్పేసి, వేళ్లతో నొక్కితే నలిగేంతగా ఉడికించాలి. చిట్లిపోయేదాకా ఉంచొద్దు. నీళ్లు వంచి, నూలుగుడ్డ మీద పరిచి అద్ది, ఫ్యాను కింద ఓ గంట ఆరనివ్వాలి. ఈ గంట మిగుల్చుకుందామంటే కుదరదు. పైన తడి ఉన్నంతసేపూ ఓవెన్ వేడంతా ఆ తడిని ఆవిరి చేయడానికే పోతుంది, గింజ వేగదు.

ఆరాక తూకం వేస్తే 400 గ్రాములు వచ్చాయనుకుందాం. అందులో సుమారు 60 శాతం నీరే కాబట్టి అసలు గింజ 160 గ్రాములు. కరకరలాడాలంటే తేమ 5 శాతానికి దిగాలి, అంటే 168 గ్రాములు కావాలి. పట్టించిన పెద్ద చెంచా నూనె మరో 13 గ్రాములు. మొత్తం 180 దగ్గరికి వస్తే పని అయినట్టే. ట్రే ఖాళీ బరువు ముందే రాసిపెట్టుకోవాలి. 220 చూపిస్తే, పైకి ఎంత ఎర్రగా కనబడ్డా, ఇంకా 40 గ్రాముల నీరు పోవాలి.

వేడి 180 డిగ్రీలు చాలు, లోపల ఫ్యాను తిరిగే ఓవెనైతే 160. ఒకే వరసలో, ఒకదానిమీదొకటి పడకుండా పరిచి, పావుగంటకోసారి ట్రే కదుపుతూ 45 నుంచి 50 నిమిషాలు ఉంచాలి. తొందరపడి 220కి పెంచితే పొట్టు మాడుతుంది, మధ్యలో తేమ అలాగే ఉంటుంది. ఒకటీ అరా టప్పున పేలితే కంగారు అక్కర్లేదు, పొట్టు కింద ఆవిరి చిక్కుకుని పేలుతుంది. కారం మాత్రం దించాకే చల్లాలి, ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది.

తూకం ఇంకా పది, ఇరవై గ్రాములు ఎక్కువుంటే ఓవెన్ ఆపి, తలుపు కాస్త తెరిచి అరగంట లోపలే వదిలేయండి. మిగిలిన వేడికి ఆ తేమ చాలావరకు పోతుంది. వేడిగా ఉన్న గింజను కొరికి తీర్పు చెప్పొద్దు. వేడిమీద పిండిపదార్థం కొంచెం సాగుతుంది, చల్లారాకే గట్టిపడి విరుగుతుంది. ఒక గింజ తీసి మూడు నిమిషాలాగి కొరకండి. మధ్యలో పిండిలా మెత్తగా తగిలితే మరో పది నిమిషాలు వేయించాలి.

పూర్తిగా చల్లారకముందే మూత పెడితే ఆవిరి మూతకు పట్టి గింజల మీదికే దిగుతుంది. అలాగని చల్లారాక బయట వదిలేయనూ కూడదు. కార్తీకం వానల్లో నెల్లూరు, ఒంగోలు గాలికి పళ్లెంలో ఉంచిన శనగలు సాయంత్రానికే పదును పోగొట్టుకుంటాయి. అలా మెత్తబడ్డవాటిని 150 డిగ్రీల్లో పది నిమిషాలు వేడిచేసి, మళ్లీ చల్లార్చి, బిగుతు మూత స్టీలు డబ్బాలో పోసుకోవచ్చు.