ఖాతా మూసిన 22వ రోజు

కడపలో బండల వ్యాపారం చేసే ఒక సంస్థలో లోడింగ్ వ్యవహారాలు చూసిన ఉద్యోగి మార్చి 31న ఉద్యోగం మానేశాడు. లైసెన్సు డబ్బు మిగులుతుందని అదే సాయంత్రం ఆఫీసు మెయిల్, ఫైళ్లు నడిచే గూగుల్ వర్క్‌స్పేస్ సేవలో అతని ఖాతాను తొలగించారు. ఏప్రిల్ 22న ఒక కొనుగోలుదారు పాత లోడు లెక్క అడిగినప్పుడు, అతను తయారుచేసిన, ఆరుగురు రోజూ తెరిచే లోడింగ్ షీటు ఎవరికీ తెరుచుకోలేదు. అప్పటికి 22 రోజులు గడిచాయి. తొలగించిన ఖాతాను అడ్మిన్ తిరిగి తెచ్చుకునే గడువు 20 రోజులే.

ఈ చిక్కుకు మూలం పాత అలవాటులో ఉంది. ఒకప్పుడు చిన్న ఆఫీసుల్లో మెయిల్ పీఓపీ పద్ధతిలో సర్వరు నుంచి ఔట్‌లుక్ ప్రోగ్రామ్‌లోకి దిగి పీఎస్‌టీ ఫైలుగా ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉండేది. ఎక్సెల్ ఫైళ్లూ అక్కడే ఉండేవి కాబట్టి, మనిషి వెళ్లినా అవన్నీ మిగిలేవి. 2006లో గూగుల్ సంస్థల డొమైన్లకు మెయిల్ ఇవ్వడం మొదలుపెట్టాక, 2012లో ఫైళ్లు దాచుకునే డ్రైవ్ వచ్చాక, పత్రానికి యజమాని ఆఫీసు కాక దాన్ని సృష్టించిన వ్యక్తి ఖాతా అయింది. పది మందితో పంచుకున్నా యాజమాన్యం మారదు. ఈ లోటును తీర్చడానికే 2017లో టీమ్ డ్రైవ్ వచ్చింది. నేటి షేర్డ్ డ్రైవ్ అదే. అందులోని ఫైళ్లు బృందానివి కాబట్టి, వాటిని పెట్టిన వ్యక్తి ఖాతా పోయినా అవి అక్కడే ఉంటాయి.

తొలగించేటప్పుడు డ్రైవ్ ఫైళ్లను ఎవరికి అప్పగించాలని తెర అడుగుతుంది. కడపలో తొందరపడి ఆ ప్రశ్నను దాటేశారు. దాటేయకపోయినా దక్కేవి ఫైళ్లే. మెయిల్ పెట్టె ఆ బదిలీలో రాదు, ఈ సంగతి చాలామంది అడ్మిన్లకు తెలియదు.

కనుక ముందుగా పాస్‌వర్డ్ మార్చి, తెరిచి ఉన్న లాగిన్లన్నీ మూసి, ఖాతాలోని సమాచారాన్ని దించుకోవడానికి గూగుల్ ఇచ్చే టేక్‌అవుట్ ద్వారా మెయిల్‌ను ఎంబాక్స్ అనే రకం ఫైలుగా దించుకోవాలి. ఆ ఫైలును వేరే కంప్యూటర్‌లో తెరిచి, పాత మెయిళ్లు, జోడింపులు కనిపిస్తున్నాయో లేదో చూసిన తరువాతే ఫైళ్ల యాజమాన్యం బదిలీ చేయాలి. బదిలీ అయిన ఒకటి రెండు షీట్లలో యజమాని పేరు మారిందో లేదో స్వయంగా చూడడం మంచిది.

ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలంటే ఖాతాను సస్పెండ్ చేయవచ్చు; పంచుకున్న పత్రాలు అప్పుడూ తెరుచుకుంటాయి. అయితే లైసెన్సు ఖర్చు ఆగదు, పైగా సస్పెండైన చిరునామాకు కొత్త మెయిల్ చేరదు. కొనుగోలుదారులు ఆ చిరునామాకే రాస్తుంటే, పాస్‌వర్డ్ మార్చిన ఖాతాను కొన్నాళ్లు నడవనిచ్చి, వచ్చే మెయిల్‌ను మరొకరికి మళ్లించడమే మేలు. అంతా దించుకుని ఖాతాను తొలగించాక, అదే చిరునామాను కొత్తగా ఆ పని చూసేవారి ఖాతాకు మారుపేరుగా, అంటే అదనపు చిరునామాగా తగిలిస్తే ఉత్తరాలు ఆగవు.

కడప వారికి చివరికి దొరికింది ఫిబ్రవరిలో ఒక గుమాస్తా తన కంప్యూటర్‌లోకి దించుకున్న ఎక్సెల్ నకలు మాత్రమే. మార్చి నెల లోడ్లను వేబ్రిడ్జి చీటీలు చూసి మళ్లీ రాసుకున్నారు.