రెండుసార్లు లెక్కలోకి వచ్చింది ఎవరు?

పిల్లలందరికీ ఆశీస్సులు.

మొన్న సాయంత్రం మా పక్కింటి అమ్మాయి పుస్తకం పట్టుకుని మా అరుగు మీదికి వచ్చింది. ఎనిమిదో తరగతి చదువుతోంది, ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షకు తయారవుతోంది. ఆ పరీక్షలో పాఠాల పేపరు కాక, ఆలోచనాశక్తిని చూసే పేపరు ఇంకొకటి ఉంటుంది. అందులో వరుసల లెక్కలు వస్తుంటాయి. ఫలానా అబ్బాయి ఎడమ నుంచి ఎన్నోవాడో, కుడి నుంచి ఎన్నోవాడో చెప్పి, వరుసలో మొత్తం ఎంతమంది ఉన్నారని అడుగుతారు.

"అమ్మమ్మా, ఒక లెక్కలో ఒకటి తీసెయ్యమన్నారు. ఇంకో లెక్కలో ఒకటి కలపమన్నారు. ఇంకోచోటేమో రెండు తీసెయ్యాలట. ఏ లెక్కకి ఏ సూత్రమో గుర్తుండక టెన్షన్‌గా ఉంది" అంది. నేను చాలా ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఈ పిల్ల అడిగినట్టే అడిగిన పిల్లలను ఎందరినో చూశాను. ఆ సూత్రాలు వేరువేరు కావని, అన్నింటి వెనకా ఉన్నది ఒకే ప్రశ్న అని ఆ పిల్లకు చూపించాను. అదే మీకూ రాస్తున్నాను.

లోపలికి వెళ్లి గుప్పెడు చింతపిక్కలు తెచ్చాను. ఏడు పిక్కలు వరుసగా పెట్టి, ఎడమ నుంచి మూడో పిక్క మీద సున్నంతో చుక్క పెట్టాను. కుడివైపు నుంచి లెక్కపెట్టమన్నాను. చుక్క పిక్క ఐదోది అయింది. మూడూ ఐదూ కలిపితే ఎనిమిది. కానీ అరుగు మీద ఉన్నవి ఏడే కదా! ఆ ఎనిమిదో పిక్క ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఎక్కణ్ణుంచీ రాలేదు. ఎడమ నుంచి లెక్కపెట్టినప్పుడు వేలు ఆఖరుగా చుక్క పిక్క మీద ఆగింది. కుడి నుంచి లెక్కపెట్టినప్పుడు కూడా ఆఖరుగా దాని మీదే ఆగింది. మిగిలిన ఆరు పిక్కల్నీ వేలు ఒక్కొక్కసారే తాకింది, చుక్క పిక్కను మాత్రం రెండుసార్లు తాకింది. ఎక్కువొచ్చిన ఆ ఒక్కటీ తీసేస్తే 3 + 5 − 1 = 7. మీరూ పిక్కలు పెట్టుకుని వేలితో తాకుతూ లెక్కపెట్టి చూడండి. కాగితం మీద చదివితే అర్థమైనట్టే ఉంటుంది, వేలితో చేస్తే మాత్రం మరిచిపోరు.

మరి ఒకటి కలపమన్న లెక్క సంగతి? ఆ ప్రశ్నలో మాట వేరు. "రాము ముందు 12 మంది ఉన్నారు, వెనక 8 మంది ఉన్నారు" అన్నారు. ఇక్కడ ముందున్న 12 మందిలో రాము లేడు, వెనకున్న 8 మందిలోనూ లేడు. వాడు ఒక్కసారి కూడా లెక్కలోకి రాలేదు. కాబట్టి వాణ్ణి మనమే కలపాలి: 12 + 8 + 1 = 21. అదే ప్రశ్నలో "రాము ముందు నుంచి 12వవాడు, వెనక నుంచి 8వవాడు" అని ఉంటే జవాబు 19 అవుతుంది. రెండు జవాబులకూ మధ్య ఇద్దరి తేడా ఉంది. చదివేటప్పుడు "12 మంది" అన్నారా, "12వవాడు" అన్నారా అన్నది ఆగి చూసుకోండి. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఈ లెక్కల్లో మార్కులు పోగొట్టుకున్నది ఎక్కువగా ఇక్కడే. వాళ్లకు కూడిక రాక కాదు, ఆ ఒక్క మాట సరిగ్గా చదవక.

ఇదే లెక్కను తిరగేసి కూడా అడుగుతారు. వరుసలో 40 మంది ఉన్నారు, ఒకమ్మాయి ఎడమ నుంచి 13వది, కుడి నుంచి ఎన్నోది? 40లోంచి 13 తీసేస్తే 27. చాలామంది అదే జవాబు రాసేస్తారు. కానీ ఆ 27 మంది ఆ అమ్మాయికి కుడివైపున నిలబడ్డవాళ్లు. వాళ్లందరూ అయ్యాక కదా ఆ అమ్మాయి వంతు, కాబట్టి ఆమె 28వది. అనుమానం వస్తే చిన్న వరుసతో సరిచూసుకోవచ్చు. ఏడు పిక్కల్లో కుడి చివరిది ఎడమ నుంచి 7వది. ఏడులోంచి ఏడు తీసేసి ఊరుకుంటే అది కుడి నుంచి సున్నావది అని తేలుతుంది. సున్నావ స్థానం అనేది ఎక్కడా ఉండదు కదా.

ఇప్పుడు పిల్లలు ఎక్కువగా బెదిరే లెక్కకు వస్తాను. ఒక వరుసలో రాము ఎడమ నుంచి 9వవాడు, సీత కుడి నుంచి 12వది. ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. ఇప్పుడు రాము ఎడమ నుంచి 17వవాడు అయ్యాడు. మొత్తం ఎంతమంది?

మూడు అంకెలు కనిపించగానే ఏ రెండింటిని కలపాలో తెలియక తికమకపడతారు. ఇక్కడ మనుషుల్ని కాసేపు మరిచిపోయి కుర్చీల్ని తలుచుకోండి. పెళ్లిభోజనానికి వరుసగా కుర్చీలు వేశారు అనుకుందాం. రాము, సీత లేచి అటూ ఇటూ మారారు గానీ కుర్చీలు కదల్లేదు. ఎన్నోది అన్న అంకె కుర్చీది, మనిషిది కాదు. రాము ఇప్పుడు కూర్చున్నది ఇంతకుముందు సీత కూర్చున్న కుర్చీలో. ఆ కుర్చీ కుడి నుంచి 12వదని ముందే చెప్పారు, ఎడమ నుంచి 17వదని ఇప్పుడు తెలిసింది. ఒకే కుర్చీకి రెండు వైపుల నుంచీ అంకెలు దొరికాయి. ఇది మన చుక్క పిక్కే! 17 + 12 − 1 = 28 మంది.

ఆ 9 అన్న అంకె దేనికి ఇచ్చారంటే, తర్వాత ఇంకో ప్రశ్న అడగడానికి. సీత ఇప్పుడు కుడి నుంచి ఎన్నోది? ఆమె ఇప్పుడు రాము పాత కుర్చీలో ఉంది, అది ఎడమ నుంచి 9వది. 28లోంచి 9 తీసేస్తే ఆమెకు కుడివైపున 19 మంది, అంటే ఆమె 20వది. ఇద్దరి మధ్యా ఎంతమంది అని అడిగితే, 10వ కుర్చీ నుంచి 16వ కుర్చీ దాకా ఏడుగురు.

ఇంతవరకూ ఒకే చోటుకు రెండు వైపుల నుంచి అంకెలు ఉన్నాయి. ఒక అంకె ఒకరిది, ఇంకో అంకె ఇంకొకరిది అయితే కాస్త నిదానంగా చూడాలి. రవి ఎడమ నుంచి 15వవాడు, లత కుడి నుంచి 13వది, ఇద్దరి మధ్యా 5 మంది ఉన్నారు. మొత్తం ఎంతమంది?

పక్కింటి పిల్ల వెంటనే 15 + 5 + 13 = 33 అంది. తప్పు కాదు. ఎడమవైపు రవితో కలిపి 15 మంది, మధ్యలో 5, ఆపైన లతతో కలిపి 13 మంది. ఎవరూ రెండుసార్లు లెక్కలోకి రాలేదు, ఎవరూ మిగిలిపోలేదు. కానీ రవికి ఎడమవైపునే లత ఉందని ఎందుకు అనుకోకూడదు? ప్రశ్నలో లత ఏ పక్కన ఉందో చెప్పలేదుగా. అప్పుడు ఎడమ నుంచి వెళుతుంటే ముందు లత వస్తుంది, తర్వాత ఐదుగురు, తర్వాత రవి. ఎడమ నుంచి 15 మందిని లెక్కపెడితే లతా వస్తుంది, ఆ ఐదుగురూ వస్తారు, రవీ వస్తాడు. కుడి నుంచి 13 మందిని లెక్కపెడితే మళ్లీ ఆ ఏడుగురే వస్తారు. చుక్క పిక్క ఒక్కటే ఉన్నచోట ఒకటి తీసేశాం. ఇప్పుడు రెండుసార్లు వచ్చినవాళ్లు ఏడుగురు, కాబట్టి ఏడు తీసెయ్యాలి: 15 + 13 − 7 = 21.

సరిచూద్దాం. 21 మందిలో లత కుడి నుంచి 13వది అంటే ఎడమ నుంచి 9వది. రవి 15. మధ్యలో 10 నుంచి 14 దాకా ఐదుగురు. సరిపోయింది.

పుస్తకంలో "మధ్యనున్నవాళ్లను తీసేసి, ఇంకో రెండు తీసెయ్యండి" అని ఉన్నది ఇదే. ఆ రెండు ఎవరంటే రవి, లత. వాళ్లూ రెండుసార్లు లెక్కలోకి వచ్చారుగా.

అయితే అన్నిసార్లూ రెండు జవాబులు రావు. రవి ఎడమ నుంచి 4వవాడు, లత కుడి నుంచి 5వది, మధ్యలో 6 మంది అనుకోండి. లత రవికి ఎడమవైపున ఉండాలంటే లత, ఆరుగురు, రవి కలిపి ఎనిమిది మంది ఆ మొదటి నాలుగు చోట్లలోనే ఇమడాలి. అది కుదరదు. కాబట్టి 4 + 6 + 5 = 15 ఒక్కటే జవాబు. మధ్యనున్నవాళ్లకు రెండు కలపండి. అది రెండు అంకెల్లో చిన్నదాని కంటే ఎక్కువైతే రెండో జవాబు లేదు. సమానమైనా, తక్కువైనా ఉంది.

పరీక్షలో "కనీసం ఎంతమంది" అని అడిగితే చిన్న జవాబు రాయాలి. ఎవరు ఎటు ఉన్నారో చెప్పకుండా ఊరికే "ఎంతమంది" అని అడిగి, కింద "దత్తాంశం సరిపోదు" అన్న ఐచ్ఛికం ఇస్తే రెండు బొమ్మలూ గీసి చూశాకే గుర్తు పెట్టండి. నాకైతే ఈ రకం ప్రశ్నలంటేనే ఎక్కువ ఇష్టం. ప్రశ్నలో చెప్పని విషయం కూడా గమనించాలి కదా.

క్లాసు ర్యాంకులకూ ఇదే లెక్క. "పాసైనవాళ్లలో పై నుంచి 11, కింది నుంచి 27, తప్పినవాళ్లు 6" అంటే పాసైనవాళ్లు 37, మొత్తం 43. కానీ ర్యాంకుల్లో వరుసలో లేని చిక్కు ఒకటి ఉంది. ఇద్దరికి సమానంగా మార్కులు రావచ్చు. ఐదుగురికి 90, 80, 80, 70, 60 వచ్చాయి. 80 వచ్చిన అమ్మాయి పై నుంచి 2, కింది నుంచి 3. మన పద్ధతిలో 2 + 3 − 1 = 4. కానీ ఉన్నది ఐదుగురు! ఆమెకు పైన ఒకరు, కింద ఇద్దరు. ఆమె పక్కనే అదే చోటులో ఇంకొకరు ఉన్నారు, ఆ ఇంకొకరు పై నుంచీ లెక్కలోకి రాలేదు, కింది నుంచీ రాలేదు. అంటే ఒకటి తీసెయ్యడం అనేది ఒక్కో చోట ఒక్కరే ఉన్నప్పుడే పనికొస్తుంది. వరుసలో ఇద్దరు ఒకే చోట నిలబడలేరు కాబట్టి అక్కడ ఈ బెడద లేదు. పరీక్షల్లో ర్యాంకుల ప్రశ్న ఇచ్చేటప్పుడు మార్కులు సమానం కాలేదనే అనుకుంటారు.

చీకటి పడుతుంటే పక్కింటి పిల్ల పిక్కలు ఏరి గిన్నెలో వేస్తూ ఒక మాట అడిగింది. "అమ్మమ్మా, నేను వరుసలో ఎడమ నుంచీ, కుడి నుంచీ కూడా 8వదాన్నే అయితే మొత్తం 15 మంది. మరి మొత్తం 16 మంది ఉన్న వరుసలో అలా నిలబడగలనా?" నేను జవాబు చెప్పలేదు, పిక్కలు ఇంటికి తీసుకెళ్లమన్నాను. మీరూ పదహారు పిక్కలు పెట్టి చూడండి. ఏం తేలిందో, ఎందుకలా తేలిందో నాకు ఉత్తరం రాయండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ