విశ్వసనీయత ఉంటే సప్రమాణత ఉన్నట్టేనా? టెట్, డీఎస్సీకి చదివేవాళ్ళను ఎక్కువగా ముంచే అపోహ

అమలాపురంలో డీఎస్సీకి, టెట్‌కి చదివేవాళ్ళకు సైన్సు మెథడాలజీ చెబుతుంటాను. ఏ బ్యాచ్ వచ్చినా మూల్యాంకనం చాప్టర్ దగ్గర అదే తప్పు. "మళ్ళీ పెట్టినా అవే మార్కులు వచ్చాయంటే అది మంచి పరీక్షే కదండీ, సప్రమాణత ఉన్నట్టే కదా?" అంటారు. పక్క బ్యాచ్‌లో ఎవరో అలా చెప్పారట, ఆ మాట వాట్సాప్‌లో ఊరంతా తిరిగింది. కాదండీ. ఈ ఒక్క తప్పుకే ప్రతిసారీ మార్కులు పోతున్నాయి, టీచరయ్యాక పిల్లలకు జరిగే నష్టం వేరే.

విశ్వసనీయత అంటే ఫలితంలో నిలకడ. సప్రమాణత అంటే దేన్ని కొలవాలనుకున్నామో దాన్నే కొలవడం. ధాన్యం కాటా ప్రతి బస్తాకీ కిలో ఎక్కువ చూపిస్తోందనుకోండి. పొద్దున తూచినా సాయంత్రం తూచినా కిలో ఎక్కువే చూపిస్తుంది, నిలకడ పూర్తిగా ఉంది, తూకం మాత్రం తప్పు. కాబట్టి సప్రమాణత ఉన్న పరీక్షకు విశ్వసనీయత ఉండి తీరాలి, విశ్వసనీయత ఉన్నంత మాత్రాన సప్రమాణత ఉండాలని లేదు. ప్రశ్నలో మొదటి వాక్యాన్ని తిప్పి, విశ్వసనీయత ఉంటే సప్రమాణత ఉండి తీరాలి అని కూడా ఇస్తారు, తొందరలో దాన్నే టిక్ చేసి వస్తారు.

ఇది నిర్వచనం బట్టీపట్టడంతో వదిలే అపోహ కాదు, అసలు పేపరు చూస్తేనే వదులుతుంది. బోధనాభ్యాసానికి వెళ్ళిన ఒక ఛాత్రోపాధ్యాయుడు తొమ్మిదో తరగతికి ద్రవాభిసరణ పాఠం మీద 20 మార్కుల యూనిట్ టెస్ట్ తయారుచేసి తెచ్చాడు. బ్లూప్రింట్ శుభ్రంగా ఉంది: జ్ఞానానికి 8, అవగాహనకు 6, వినియోగానికి 6. పది రోజుల తేడాతో అదే పేపరు అదే పిల్లలకు రెండుసార్లు పెట్టి సహసంబంధ గుణకం కూడా కట్టాడు, 0.9 దగ్గరికి వచ్చింది. "చూడండి సార్, పేపరు బలంగా ఉంది" అన్నాడు.

నేను పిల్లల నోట్సు తెప్పించి పేపరు పక్కన పెట్టాను. వినియోగం కింద 4 మార్కులకు ఇచ్చిన ప్రశ్న, "ఎండుద్రాక్షను నీళ్ళలో వేస్తే ఎందుకు ఉబ్బుతుంది?" నోట్సులో అదే ప్రశ్న, కింద ఐదు వరుసల జవాబు, గళ్ళు కూడా కొట్టించి ఉంది. మిగతా 2 మార్కుల వినియోగ ప్రశ్నా నోట్సులోదే. విసరణకు, ద్రవాభిసరణకు తేడాలు అని అవగాహన కింద వేసిన ప్రశ్న నోట్సులో పట్టికగా ఉంది. అంటే 20కి 20 మార్కులూ జ్ఞాపకం మీదే నడిచాయి. నోట్సు బాగా బట్టీపట్టిన పిల్ల రెండుసార్లూ ముందుంటుంది, పట్టని పిల్లాడు రెండుసార్లూ వెనకుంటాడు, గుణకం 0.9 రాక ఏం చేస్తుంది? విశ్వసనీయత నిజమే. కానీ వినియోగానికి 6 మార్కులని బ్లూప్రింట్‌లో మాటిచ్చి పేపరులో ఒక్క మార్కూ ఇవ్వలేదు కాబట్టి విషయ సప్రమాణత లేదు. ఇంకో మాట, అదే పేపరు "నోట్సు ఎంత గుర్తుంది" అని చూడటానికైతే పనికొస్తుంది. అందుకే సప్రమాణత గురించి అడిగేటప్పుడు ఎప్పుడూ "దేనికి?" అని కూడా అడగాలి.

ఇక్కడే బ్లూమ్ వర్గీకరణ మీదున్న పెద్ద అపోహ బయటపడుతుంది. "ఎందుకు" అని ఉంటే వినియోగం, "తేడాలు" అని ఉంటే అవగాహన, "విశ్లేషించండి" అంటే విశ్లేషణ, ఇలా క్రియాపదం చూసి స్థాయి తేల్చేస్తారు. క్రియాపదాల పట్టిక చదవండి, వద్దనను, సూటి ప్రశ్నలకు అది చాలు. కానీ స్థాయిని నిర్ణయించేది పిల్లవాడు జవాబు కోసం బుర్రలో చేసే పని. ఆ పని అంతకుముందు క్లాసులో ఏం చెప్పారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. తెలిసిన సూత్రాన్ని కొత్త సన్నివేశంలో వాడితేనే వినియోగం. సన్నివేశం పాతదైతే, జవాబు ఎంత పొడుగున్నా అది జ్ఞానమే.

ఆ అబ్బాయితో ఎండుద్రాక్ష ప్రశ్న తీయించి ఇలా రాయించాను: "కాట్రేనికోన వైపు శివారు చేలోకి పోటు సమయంలో ఉప్పునీరు ఎక్కింది. చేలో నీళ్ళు నిలిచే ఉన్నాయి, అయినా వరి వాడిపోతోంది. కారణం రాయండి." మార్కుల విభజన కూడా ముందే రాసుకోమన్నాను: బయటి నీటిలో లవణ గాఢత ఎక్కువని గుర్తిస్తే 1, వేరు కణాల పొరను పాక్షిక పారగమ్య త్వచంగా చెబితే 1, నీరు వేరులోంచి బయటికి పోతుందని దిశ సరిగ్గా రాస్తే 2. ఎండుద్రాక్షకు నిండు మార్కులు తెచ్చుకున్న పిల్లల్లో కొందరు ఇక్కడా "నీరు లోపలికి వెళ్ళి ఉబ్బుతుంది" అనే రాశారు. మధ్య వరుసలో కూర్చునే ఒక కుర్రాడు, వాళ్ళకు శివారులోనే చేను ఉంది, "బయట ఉప్పు ఎక్కువ కాబట్టి వేరులో ఉన్న నీళ్ళే బయటికి లాగేస్తుంది సార్, చేలో నీళ్ళున్నా మొక్కకు లేనట్టే" అని రాశాడు. పారగమ్య త్వచం మాట రాయలేదు, 3 మార్కులు వచ్చాయి. పాత పేపరులో ఈ కుర్రాడు కనపడనే లేదు. అయితే ఒక హద్దుంది, ఇదే ప్రశ్నను జవాబుతో సహా నోట్సులో చెప్పించేస్తే వచ్చే పరీక్షకల్లా ఇదీ జ్ఞాన స్థాయికే దిగిపోతుంది.

మార్కుల విభజన ఎందుకు రాయించానో కూడా చెబుతాను. అది లేకపోతే ఒకే జవాబుకు ఒక మాస్టారు 1 వేస్తారు, ఇంకో మేడమ్ 4 వేస్తారు. లక్ష్యాత్మకత పోయింది, దాంతో విశ్వసనీయత పోయింది, అప్పుడు ప్రశ్న ఎంత మంచిదైనా సప్రమాణత నిలవదు. లెక్కలో చెప్పాలంటే సప్రమాణత గుణకం విశ్వసనీయత గుణకపు వర్గమూలాన్ని దాటలేదు. విశ్వసనీయత 0.64 అయితే సప్రమాణత 0.80 కంటే పైకి పోదు. 0.80 వచ్చి తీరుతుందని కాదు, అది పై హద్దు మాత్రమే, సున్నా కూడా కావచ్చు.

పరీక్ష పొడుగు పెంచితే రెండూ పెరుగుతాయని ఇంకొకటి తిరుగుతోంది. అదే రకం ప్రశ్నలు చేర్చితే విశ్వసనీయత పెరుగుతుంది, అర్ధ విచ్ఛేదన పద్ధతిలో స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రం వాడేది అందుకే: రెండు సగాల మధ్య గుణకం 0.60 వస్తే మొత్తం పరీక్షకు 2 × 0.60 ÷ 1.60, అంటే 0.75. కానీ ఆ చేర్చినవి కూడా నోట్సు ప్రశ్నలే అయితే వినియోగం ఎప్పటికీ కొలవబడదు.

మిగతావి గబగబా. పై స్థాయి అంటే కష్టమైన ప్రశ్న అని కాదు, సప్త గోదావరుల పేర్లు ఏడూ చెప్పమంటే జ్ఞాన స్థాయే, ఎంతమంది తడబడకుండా చెబుతారు? బహుళైచ్ఛిక ప్రశ్నతో పై స్థాయిలు కొలవలేమన్నదీ తప్పే, ఆ వరి ప్రశ్నకే నాలుగు కారణాలిచ్చి ఎంచుకోమనొచ్చు. మానసిక చలనాత్మక రంగాన్ని విభజించింది బ్లూమ్ కాదు, ఆ వర్గీకరణలు దవే, సింప్సన్, హారో తర్వాత ఇచ్చారు.

ఇక 1956 క్రమమా, 2001 క్రమమా అని రాత్రిళ్ళు మెసేజ్‌లు పెట్టేవాళ్ళకు. టెన్షన్ పడకండమ్మా, రెండూ చదవండి, తేడా పై రెండు మెట్ల దగ్గరే ఎక్కువ. 1956లో ఐదోది సంశ్లేషణ, ఆరోది మూల్యాంకనం. ఆండర్సన్, క్రాత్‌వోల్ 2001లో సవరించినప్పుడు మూల్యాంకనం ఐదుకు దిగింది, సృజించడం ఆరుకు ఎక్కింది, జ్ఞానం స్మరించడమైంది. ప్రశ్నలో "సవరించిన" అన్న మాట ఉందో లేదో ముందు చూసుకోండి, ఆ మాట చదవకుండా "అత్యున్నత స్థాయి" దగ్గర మూల్యాంకనం పెట్టేసి వచ్చినవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.