అమ్మినప్పుడు తగ్గే డబ్బు: ఎగ్జిట్ లోడ్ వెనుక ఉన్న కథ

మ్యూచువల్ ఫండ్‌లో మొదటిసారి డబ్బు పెట్టి, మొదటిసారి వెనక్కి తీసుకున్నవాళ్లకు దాదాపు ఒకే అనుమానం వస్తుంది. యాప్‌లో కనిపించిన విలువ ఒకటి, బ్యాంకులో పడిన మొత్తం ఇంకొకటి. మధ్యలో తగ్గిన డబ్బు ఎవరు తీసుకున్నారు? ఏజెంటా, ప్రభుత్వమా, ఫండ్ సంస్థా? ఈ ప్రశ్నకు 2009కి ముందు ఒక జవాబు ఉండేది, 2012 తర్వాత ఇంకొకటి వచ్చింది. అందుకే పాత అనుభవంతో పెద్దవాళ్లు చెప్పే మాట ఇప్పటి లెక్కకు సరిపోదు.

ముందు లెక్క చూద్దాం. గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే ఒక అమ్మాయి 2024 జూన్ 5 నుంచి ఒక ఈక్విటీ ఫండ్‌లో నెలకు 5,000 రూపాయల సిప్ కట్టిందనుకోండి. 2025 జూలై 5 నాటికి 14 వాయిదాలు పూర్తయ్యాయి. చెల్లెలి కాలేజీ ఫీజు కోసం జూలై 14న మొత్తం అమ్మేసింది. ఆమె దగ్గర 1,300 యూనిట్లున్నాయి. ఆ రోజు ఒక్కో యూనిట్ ధర, అంటే ఎన్‌ఏవీ, 60 రూపాయలు. మొత్తం విలువ 78,000. ఖాతాలో పడింది మాత్రం 77,339 రూపాయల చిల్లర.

ఆ ఫండ్ నియమం ప్రకారం కొన్న ఏడాదిలోపు అమ్మితే 1 శాతం ఎగ్జిట్ లోడ్. సిప్ మొదలుపెట్టి ఏడాది దాటింది కదా, ఇంక కోత ఎందుకు? ఇక్కడే చాలామంది పొరబడతారు. సిప్‌లో ప్రతి వాయిదాకూ ఏడాది విడిగా లెక్కేస్తారు. ముందు కొన్న యూనిట్లు ముందు అమ్మినట్టు లెక్క. ఆమె జూన్, జూలై 2024 వాయిదాల్లో కొన్న 200 యూనిట్లకు మాత్రమే ఏడాది నిండింది. మిగతా 1,100 యూనిట్ల విలువ 66,000. అందులో 1 శాతం, అంటే 660 రూపాయలు లోడ్ కింద పోయింది. దీనికి తోడు అమ్మకం మీద ప్రభుత్వం వేసే సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్ రూపాయి కూడా కాదు.

లోడ్ లాభం మీద కాదు, అమ్మిన విలువ మీద. ఫండ్ నష్టంలో ఉన్నా ఆ 1 శాతం పోతుంది. మన దేశంలోనే ఉండే పెట్టుబడిదారులకు ఆదాయ పన్నును ఫండ్ సంస్థ ఇందులో పట్టుకోదు. దాన్ని రిటర్న్ వేసేటప్పుడు మనమే లెక్క చూసుకోవాలి.

ఇప్పుడు ఆ 660 ఎక్కడికి పోయిందో చూద్దాం. 2009 జూలై వరకు అసలు కోత కొనేటప్పుడే ఉండేది. దాని పేరు ఎంట్రీ లోడ్. ఈక్విటీ ఫండ్లలో సాధారణంగా 2.25 శాతం. మీరు 10,000 ఇస్తే 225 రూపాయలు పక్కకు పోయి 9,775కే యూనిట్లు వచ్చేవి. ఆ 225 ప్రధానంగా అమ్మిపెట్టిన డిస్ట్రిబ్యూటర్ కమీషన్‌కు వెళ్లేది. ఏజెంటు లేకుండా నేరుగా దరఖాస్తు ఇచ్చినవాళ్లకు 2008 జనవరిలో ఫండ్లను నియంత్రించే సంస్థ సెబీ ఆ భారం తప్పించింది. 2009 ఆగస్టు 1 నుంచి అందరికీ ఎంట్రీ లోడ్ రద్దు చేసింది.

కొనేటప్పుడు కమీషన్ రాకపోతే దాన్ని ఇంకెక్కడి నుంచైనా రాబట్టాలి. ఎగ్జిట్ లోడ్‌కు ప్రాధాన్యం పెరిగింది అప్పుడే. అప్పటి నిబంధన ప్రకారం ఎగ్జిట్ లోడ్‌గా వసూలైన దానిలో, అమ్మకం విలువపై 1 శాతం వరకు సంస్థ విడి ఖాతాలో పెట్టుకుని కమీషన్లకూ ఇతర అమ్మకపు ఖర్చులకూ వాడుకోవచ్చు. అంతకు మించినదే స్కీములోకి, అంటే ఫండ్‌లో ఉన్న అందరి డబ్బులోకి, తిరిగి రావాలి. అంటే వెళ్లిపోయేవాడి డబ్బుతో కొత్తవాడిని తెచ్చేవాళ్లు. 2009 ఆగస్టులోనే ఇంకో మంచి పని జరిగింది. కోట్లు పెట్టినవాళ్లకు ఒక లోడ్, వేలు పెట్టినవాళ్లకు ఒక లోడ్ అనే తేడా ఉండకూడదని సెబీ చెప్పింది.

అసలు మార్పు 2012 అక్టోబరు 1న వచ్చింది. ఆ రోజు నుంచి ఎగ్జిట్ లోడ్ మొత్తం, దాని మీద పడే పన్ను పోను, స్కీములోకే జమ కావాలి. కాబట్టి మన టీచరమ్మ 660 రూపాయల్లో జీఎస్టీ పోగా మిగిలింది అదే ఫండ్‌లో కొనసాగుతున్నవాళ్లకు చేరింది. అది ఏజెంటుకూ కాదు, ఫండ్ సంస్థ లాభానికీ కాదు. తొందరగా అమ్మేవాళ్ల కోసం ఫండ్ షేర్లు అమ్మాల్సి వస్తే ఆ ఖర్చు ఉండిపోయినవాళ్ల మీద పడుతుంది కాబట్టి, లోడ్ వాళ్లకే చేరడం న్యాయం.

కానీ అదే ఉత్తర్వులో ఫండ్ సంస్థలకు ఒక పరిహారం కూడా ఇచ్చారు. లోడ్ వదులుకున్నందుకు బదులుగా స్కీము ఆస్తుల మీద ఏడాదికి మరో 0.20 శాతం వరకు ఖర్చు రాసుకోవచ్చన్నారు. లక్ష రూపాయలుంటే 200. ఎవరూ ముందుగా అమ్మకపోయినా, అందరి దగ్గరా, ప్రతి ఏడాదీ. నాకు ఇది సబబుగా అనిపించదు. ఒక చేత్తో ఉండిపోయినవాళ్లకు ఇచ్చి, రెండో చేత్తో వాళ్ల దగ్గరే తీసుకున్నట్టయింది. 2018లో సెబీ దీన్ని 0.05 శాతానికి తగ్గించింది, ఎగ్జిట్ లోడ్ లేని స్కీముల్లో అసలు వేయకూడదంది. 2025 డిసెంబరులో సెబీ బోర్డు ఆమోదించిన కొత్త నిబంధనల్లో ఆ మిగిలిన 0.05 కూడా తీసేశారు.

ఈ 0.20 వెళ్లి చేరిన చోటే ఎక్స్‌పెన్స్ రేషియో. ఫండ్ నిర్వహణ ఫీజు, యూనిట్ల లెక్కలు రాసే రిజిస్ట్రార్ ఖర్చు, ఏజెంటు కమీషన్ అన్నీ అందులో ఉంటాయి. యూనిట్లు అమ్మే రోజు దాన్ని ఎవరూ కోయరు. ఏడాది రేటును రోజులకు పంచి, ప్రతిరోజూ ఫండ్ ఆస్తుల్లోంచి తీసేశాకే ఎన్‌ఏవీ ప్రకటిస్తారు. మీకు కనిపించే 60 రూపాయలు అప్పటికే ఖర్చు పోయిన ధర. అందుకే స్టేట్‌మెంట్‌లో ఎగ్జిట్ లోడ్‌కు ఒక అంకె కనిపిస్తుంది, దీనికి కనిపించదు.

కనిపించకపోయినా అది చిన్నదేం కాదు. ఆమె ఫండ్‌లో ఎక్స్‌పెన్స్ రేషియో 1.9 శాతం అనుకుందాం. 13 నెలల పైచిలుకులో ఆమె డబ్బు సున్నా నుంచి 78,000కు పెరిగింది కాబట్టి సగటున 39,000 లోపల ఉందని లెక్కేసుకోవచ్చు. ఆ లెక్కన పోయింది సుమారు 820 రూపాయలు. టెన్షన్ పెట్టిన 660 కంటే ఇదే ఎక్కువ. పైగా ఎగ్జిట్ లోడ్ ఏడాది నిండితే ఆగిపోతుంది, ఇది డబ్బు లోపల ఉన్నంతకాలం పోతూనే ఉంటుంది, డబ్బు పెరిగేకొద్దీ రూపాయల్లో పెరుగుతుంది. 2013 జనవరి నుంచి ప్రతి ఫండ్‌లోనూ ఏజెంటు కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్ ఉండాలి. అదే ఫండ్ డైరెక్ట్ ప్లాన్‌లో రేషియో 0.9 అయితే ఆమెకు దాదాపు 430 మిగిలేది. అయితే ఏ ఫండ్ కొనాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే మనిషి విజయవాడలోనో గుంటూరులోనో అందుబాటులో ఉండి, నిజంగా సాయం చేస్తుంటే, ఆ కమీషన్ ఇవ్వడం తప్పేమీ కాదు. ఇస్తున్నామని తెలిసి ఇవ్వాలి.

అమ్మే ముందు ఆమె చూడాల్సింది రెండే. ఒకటి, స్కీము సమాచార పత్రంలో లోడ్ స్ట్రక్చర్. కొన్ని ఫండ్లు ఏడాదిలోపు కూడా 10 శాతం యూనిట్ల వరకు లోడ్ లేకుండా అమ్ముకోనిస్తాయి. లోడ్ తర్వాత మారినా, మారిన రేటు కొత్తగా కొన్నవాటికే వర్తిస్తుంది. రెండోది, స్టేట్‌మెంట్‌లో ఒక్కో వాయిదా తేదీ. చెల్లెలి ఫీజుకు 12,000 చాలనుకుంటే, ఏడాది నిండిన 200 యూనిట్లే అమ్మితే సరిపోయేది. లోడ్ ఒక్క రూపాయి కూడా పడేది కాదు. ఆగస్టు 5 వాయిదాకు ఏడాది నిండటానికి ఇంకో మూడు వారాలే ఉంది.