ధరకు కిలో కడ్డీ పగ్గం

చెన్నై టి. నగర్‌లో పానగల్ పార్కు దగ్గరుండే మా బాబాయి మొన్న ఫోను నా ముందు పెట్టాడు. "ఏరా, ఈ గోల్డ్ ఈటీఎఫ్ యూనిట్ విలువ 119.40 అని ఫండు వాళ్లే రాశారు. మార్కెట్లో 120.10 అడుగుతున్నారు. తరుగు, మజూరీ తప్పుతాయని ఇందులోకొస్తే ఇక్కడా తరుగేనా?"

గోల్డ్ ఈటీఎఫ్ అంటే బంగారం కొని దాచే ఫండు, దాని యూనిట్లను షేర్లలా ఎక్స్ఛేంజీలో కొని అమ్ముకోవచ్చు. ఆయన చూసింది ముందురోజు రాత్రి లెక్కగట్టిన ఎన్‌ఏవీ, అంటే దాచిన బంగారాన్ని బట్టి ఒక్కో యూనిట్‌కు వచ్చే విలువ. పొద్దున బంగారం కాస్త పెరిగింది. ఇప్పటి అంచనా విలువ ఫండు సైట్లో iNAV అనే పేరుతో ఉంటుంది, అందులో 120 చూపిస్తోంది. అంటే అసలు తేడా పది పైసలే.

ఆ పది పైసలు రెండు రూపాయలు కాకుండా ఎవరు ఆపుతున్నారు? నిజానికి ఆపాలని ఎవరూ అనుకోరు, లాభం కోసం ఎగబడే పెద్ద డీలర్లున్నారంతే. ఫండు వీళ్లను అధీకృత డీలర్లుగా పెట్టుకుంటుంది. మనం ఎక్స్ఛేంజీలో ఒకరి దగ్గర ఇంకొకరం కొనుక్కోవాల్సిందే. 25 కోట్లకు మించిన బేరమైతే తప్ప ఫండు మనతో నేరుగా లావాదేవీ చేయదు. ఈ డీలర్లు మాత్రం కిలో బంగారమో, దానికి సరిపడా డబ్బో ఫండుకిచ్చి కొత్త యూనిట్లు పుట్టించుకోగలరు.

లెక్క తేలిక కావడానికి గ్రాము 12,000 అనుకుందాం, యూనిట్‌కు గ్రాములో నూరో వంతు. కిలోకు లక్ష యూనిట్లు, విలువ కోటీ 20 లక్షలు. అక్షయ తృతీయ హడావుడిలో కొనేవాళ్లు పెరిగి యూనిట్ 121.20కి ఎక్కిందనుకోండి. డీలరు తన దగ్గరున్న లక్ష యూనిట్లు అమ్మేస్తాడు: కోటీ 21 లక్షల 20 వేలు. కోటీ 20 లక్షలు పెట్టి కడ్డీ కొని ఫండు తరఫు ఖజానాకు చేరుస్తాడు, లక్ష యూనిట్లు తిరిగొస్తాయి. ఖర్చులు 30 వేలు పోగా 90 వేలు మిగులు. పక్క డీలరూ ఇదే పని చేస్తాడు. అమ్మకాలు పడేకొద్దీ ధర దిగుతుంది. 120.30 దగ్గర మిగిలేదేమీ ఉండదు కాబట్టి ఆగిపోతారు.

ధర 118.80కి పడితే ఇదంతా తిరగబడుతుంది. మార్కెట్లో యూనిట్లు కొని ఫండుకిచ్చేస్తారు, అవి రద్దవుతాయి, కడ్డీ తీసుకెళ్లి అమ్ముకుంటారు. బాబాయిని విసిగించిన పది పైసలు ఆ 30 పైసల ఖర్చు కంటే తక్కువ. దాని కోసం ఏ డీలరూ కదలడు.

చిక్కంతా కడ్డీ దొరకనప్పుడే. 2025 అక్టోబరులో, ధనత్రయోదశి ముందు, వెండికి అదే జరిగింది. దేశంలో సరుకు కరువై కొత్త యూనిట్లు పుట్టించడం కష్టమైంది. కొనేవాళ్లు మాత్రం తగ్గలేదు, వెండి ఈటీఎఫ్‌లు అసలు విలువ కంటే సుమారు పది శాతం పైకి పోయాయి. వాటిలో పెట్టే కొన్ని ఫండ్లు ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడం ఆపేశాయి కూడా. సరుకు వచ్చాక ఆ పై ధర కరిగిపోయింది, వెండి ధరతో సంబంధం లేకుండానే.

బాబాయి సరిగ్గా ఆ వారంలోనే వెండి కొన్నాడు. ఆ సంగతి నేను ఎత్తలేదు.