గంట కొట్టే ఆయన కథ, ముప్పై గీతల చోటు

ప్రియమైన పిల్లలకు,

మీ ఉత్తరం అందింది. తరగతి పత్రిక తీసుకొస్తున్నారనీ, నాలుగు పేజీలనీ, ముందు వ్యాసాలన్నీ రాసేసి తర్వాత పేజీల్లో సర్దుకుంటామనీ రాశారు. ఆ చివరి మాట దగ్గరే నేను ఆగిపోయాను. పత్రిక డెస్కులో చాలా ఏళ్ళు పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. చోటు ఎంతో తెలియకుండా రాసిన వార్త పేజీలోకి వచ్చేటప్పటికి తోక తెగిపోతుంది, లేదా కింద బోసిగా ఖాళీ మిగులుతుంది. ముందు చోటు లెక్క చూసుకోండి, తర్వాత కలం పట్టండి. కొంతకాలం క్రితం ఒక ఆరో తరగతి పిల్లల దగ్గర కూర్చుని వాళ్ళ పత్రిక తయారవుతుంటే చూశాను. అందులో ఒక్క వార్త ఎలా పుట్టి, ఎలా పేజీలో కూర్చుందో చెబితే మీకు పని తేలికవుతుంది.

ఆ వార్త వాళ్ళ బడిలో గంట కొట్టే పెద్దాయన గురించి. ఇంటర్వ్యూకి ఇద్దరు వెళ్ళారు. అబ్బాయి అడగాలి, అమ్మాయి రాసుకోవాలి. ఇద్దరు వెళ్ళడం మంచి పద్ధతి. ఒక్కరే అడుగుతూ రాసుకుంటూ ఉంటే ఎదుటి మనిషి ముఖం చూడడం కుదరదు. ముఖం చూడకపోతే ఆయన ఏ మాట దగ్గర ఆగారో, ఎక్కడ గొంతు మారిందో తెలియదు.

అబ్బాయి మొదటి ప్రశ్న, "మీకు ఈ పని ఇష్టమేనా?" ఆయన "ఇష్టమే బాబూ" అన్నారు. రెండోది, "పిల్లలంటే మీకు ఇష్టమా?" దానికీ "ఇష్టమే" అన్నారు. అయిదు నిమిషాల్లో పది ప్రశ్నలు అయిపోయాయి, నోటు పుస్తకంలో మాత్రం పది "ఇష్టమే"లు మిగిలాయి. తప్పు ఆయనది కాదు. అవునూ కాదూ అని తేలిపోయే ప్రశ్నకు ఎవరైనా అంతే చెబుతారు. మర్నాడు వాళ్ళను మళ్ళీ పంపించాం. ఈసారి తీసుకెళ్ళినవి మూడే ప్రశ్నలు. నిన్న పొద్దున బడికి రాగానే మొదట ఏం చేశారు? ఈ పనిలో మాకెవరికీ కనిపించనిది ఏమిటి? ఎప్పుడైనా గంట కొట్టడం కష్టమైందా? మూడో ప్రశ్నకు ఆయన కాసేపు ఆలోచించి, "వాన పడితే చివరి గదిలోకి గంట వినిపించదమ్మా. అందుకని గంట కొట్టేసి, ఆ గది గుమ్మం దాకా నడిచి వెళ్ళి చెబుతాను" అన్నారు.

ఆ చివరి గది ఈ ఇద్దరి తరగతిదే! వాన రోజుల్లో ఆయన తమ గుమ్మం దగ్గర ఎందుకు నిలబడతారో వాళ్ళకు అంతవరకూ తెలియదు. అమ్మాయి రాయడం ఆపి తలెత్తి, "తడుస్తూ వస్తారా?" అని అడిగింది. ఇది కాగితం మీద లేని ప్రశ్న. విన్నదాంట్లోంచి పుట్టిన ఇలాంటి ప్రశ్నే ఇంటర్వ్యూలో అన్నిటికన్నా విలువైనదని నా నమ్మకం. "వరండా వెంబడి వస్తాను, చివర నాలుగు అడుగులే తడుస్తాను" అన్నారాయన. ఆ నాలుగు అడుగులు వార్తలోకి వచ్చాయి.

నోటు పుస్తకంలో ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసినచోట కొటేషన్ గుర్తులు పెట్టుకోమన్నాను. తాము కళ్ళతో చూసినదాన్ని విడిగా, పేజీకి రెండో వైపు రాసుకోమన్నాను. ఇలా వేరుచేయకపోతే, రెండు రోజుల తర్వాత రాయడానికి కూర్చున్నప్పుడు ఏది ఆయన మాటో, ఏది మన ఊహో కలిసిపోతుంది. ఈ ఏర్పాటు వల్లే ఒక చిక్కు బయటపడింది. మాటల వైపు "23 తాళంచెవులు" అని ఉంది. చూసినదాని వైపు, గుత్తి బొమ్మ గీస్తూ అమ్మాయి లెక్కపెట్టి "19" అని రాసింది. ఇద్దరూ తామే సరి అని వాదించుకున్నారు. వాదనతో తేలేది కాదు కదా, వెళ్ళి అడగమన్నాను. గుత్తిలో ఉన్నవి 19, ఆఫీసు గదిలో మేకుకు తగిలించినవి మరో నాలుగు. రెండు లెక్కలూ నిజమే. రెంటినీ కలిపే వాక్యమే లేదు. అప్పటినుంచి, నోటు పుస్తకం మూసే ముందు పేరులోని ప్రతి అక్షరాన్నీ, ప్రతి అంకెనూ ఎదుటివాళ్ళకు చదివి వినిపించి రావాలని వాళ్ళే నియమం పెట్టుకున్నారు.

ఇక చోటు లెక్క. వాళ్ళది ఏ3 కాగితం. మధ్యకు మడిస్తే నాలుగు ఏ4 పేజీలవుతాయి. ఏ4 పేజీ వెడల్పు 21 సెంటీమీటర్లు, పొడవు 29.7. నాలుగు వైపులా ఒకటిన్నర సెంటీమీటర్ల అంచు వదిలారు, అంచు దాకా రాస్తే జెరాక్స్‌లో చివరి అక్షరాలు పోతాయి. మిగిలిన 18 సెంటీమీటర్ల వెడల్పును మూడు కాలమ్‌లు చేసి, మధ్యలో ఆరేసి మిల్లీమీటర్ల సందు వదిలితే ఒక్కో కాలమ్ 5.6 సెంటీమీటర్లు వచ్చింది. అంత వెడల్పులో చేతిరాతతో గీతకు దాదాపు మూడు తెలుగు మాటలు పడతాయి. మీ తరగతిలో ముగ్గురి చేతిరాతతో రాయించి మీ లెక్క మీరే తేల్చుకోండి, అక్షరాల పరిమాణాన్ని బట్టి మారుతుంది.

గంట వార్తకు మూడో పేజీలో పై సగం ఇచ్చారు. గీతకూ గీతకూ ఎనిమిది మిల్లీమీటర్లు పెడితే సగం పేజీలో కాలమ్‌కు 16 గీతలు వస్తాయి. మూడు కాలమ్‌ల మీదుగా పెట్టే శీర్షికకు నాలుగేసి గీతలు పోతే మిగిలేవి పన్నెండేసి, మొత్తం 36. తాళంచెవుల గుత్తి బొమ్మకూ దాని కింది వ్యాఖ్యకూ ఆరు. మిగిలినవి 30 గీతలు, అంటే దాదాపు 90 మాటలు. వాళ్ళు రాసుకొచ్చింది 210 మాటలు.

ఆ రోజు తరగతిలో కొందరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేనైతే అక్షరాలు చిన్నవి చేద్దామన్న సలహాకు ఒప్పుకోలేదు, బొమ్మ తీసేద్దామన్నదానికీ ఒప్పుకోలేదు. మాటలే తగ్గించాలి. 1924లో ఫ్రాన్సులో బార్-సుర్-లూ అనే ఊళ్ళో సెలెస్టిన్ ఫ్రెనే అనే ఉపాధ్యాయుడు తరగతి గదిలోకి చిన్న అచ్చు యంత్రం తెచ్చారు. అక్కడి పిల్లలు తాము రాసినదాన్ని ఒక్కో అక్షరం ఏరి, వరసగా పేర్చి అచ్చు వేసేవారు. ఒక్క మాట కోసం అన్ని అక్షరాలు ఏరాల్సి వస్తే, ఆ మాట అవసరమా అని చెయ్యే అడుగుతుంది. మీకు ఆ యంత్రం లేదు కాబట్టి ఆ ప్రశ్న మీరే వేసుకోవాలి.

మొదట పోయింది, "గంట కొట్టే తాతగారు చాలా మంచివారు, ఎంతో కష్టపడి పనిచేస్తారు" అన్న ఆరంభం. వాన రోజు నడిచి రావడం చదివాక ఆ మాట పాఠకుడే అనుకుంటాడు. తర్వాత, "ఆయన ప్రతిరోజూ ఉదయం ఎనిమిది గంటలకల్లా అందరికంటే ముందుగా బడికి వచ్చి గదుల తలుపులన్నింటినీ తన దగ్గర ఉన్న తాళంచెవులతో తెరుస్తారు" అన్న వాక్యం. అది పదహారు మాటలు. "రోజూ ఎనిమిదికే వచ్చి గదులన్నీ తెరుస్తారు." ఇది అయిదు. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న ఆయన మాటల్లో మాత్రం ఒక్కటి కూడా మార్చనివ్వలేదు. చోటు చాలకపోతే ఆ మాటను మొత్తంగా వదిలేయవచ్చు, అంతేగాని మన మాటలు ఆయన నోట్లో పెట్టకూడదు. చివరికి వార్త ఇలా మొదలైంది: "వాన పడితే ఆరో తరగతి గదిలోకి గంట వినిపించదు. అప్పుడు గంట కొట్టిన మనిషే గుమ్మం దాకా వస్తారు." శీర్షిక అమ్మాయి పెట్టింది: "వాన రోజు గంట నడిచి వస్తుంది". నేను ఇన్నేళ్ళు శీర్షికలు పెట్టాను, ఇంత మంచిది నాకు తట్టలేదు.

అతికించే ముందు ఆ 90 మాటలనూ ఆయనకు చదివి వినిపించారు. మోకాలి నొప్పి సంగతి తీసేయమన్నారు. తీసేశారు.

పేజీ కట్టేటప్పుడు కాగితం మీద నేరుగా రాయకండి. కాలమ్ వెడల్పుకు కత్తిరించిన పట్టీల మీద నల్ల సిరాతో రాసి, పేజీ మీద పరిచి, అందరూ చూశాకే జిగురు రాయండి. లేత పెన్సిల్ రాత జెరాక్స్‌లో సరిగ్గా రాదు. పరిచి చూడడంలోనే ఇంకో పొరపాటు దొరికింది. గంట వార్తను రెండు కాలమ్‌లకు కుదించి, పక్క కాలమ్‌లో అదే ఎత్తున "ఆటల గదికి కొత్త తాళం" అన్న శీర్షిక పెట్టి చూశారు. దూరంగా నిలబడి చదివితే, వాన రోజు గంట నడిచి వస్తుంది ఆటల గదికి, అని ఒకే వాక్యంలా వినిపించింది. తాళం వార్తను కింది సగానికి దించి, గంటకు మళ్ళీ మూడు కాలమ్‌లూ ఇచ్చారు. మడత సంగతి కూడా గుర్తుంచుకోండి. ఏ3 బయటి వైపు ఎడమన నాలుగో పేజీ, కుడిన ఒకటో పేజీ ఉంటాయి. లోపలి వైపు రెండు, మూడు. ఎటు చూసినా పక్కపక్క పేజీల అంకెలు కలిపితే అయిదు రావాలి.

అచ్చుతప్పులు చూడడానికి, ఆ వార్త రాయనివాళ్ళు పైకి చదువుతుంటే, రాసినవాళ్ళు అసలు ప్రతి మీద వేలు పెట్టి వెంబడించారు. అయినా ఒకటి తప్పించుకుంది. వార్తలో "గుత్తిలో 19, ఆఫీసులో మరో నాలుగు" అని సరిదిద్దారు గానీ, బొమ్మ కింది వ్యాఖ్య ఎవరూ పైకి చదవలేదు. అందులో "23 తాళంచెవుల గుత్తి" అనే ఉండిపోయింది. పత్రిక పంచాక ఒక నాలుగో తరగతి పాప బొమ్మలోని తాళంచెవులు లెక్కపెట్టి వచ్చి అడిగింది.

రెండో సంచికలో, అదే మూడో పేజీలో, పైన గీత గీసిన చిన్న బాక్సులో ఇలా వేశారు: "సవరణ: గత సంచికలో బొమ్మ కింద 23 తాళంచెవులు అని పడింది. గుత్తిలో ఉన్నవి 19." దానికి నాలుగు గీతలు పట్టాయి. ఆ నాలుగు గీతలూ డమ్మీ, అంటే ఏ వార్త ఎక్కడ వస్తుందో ముందుగా గీసుకునే నమూనా పేజీ, వేసేటప్పుడే వదిలి ఉంచారు.

మీ డమ్మీ పేజీలు పెన్సిలుతో గీసి, ఏ వార్తకు ఎన్ని గీతలు ఇచ్చారో పక్కన రాసి పంపండి. వ్యాఖ్యలు కూడా లెక్కలో వేసుకోండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య